పక్క ప్లాట్‌లో సెల్లార్ తవ్వుతుంటే మానిటరింగ్ రిపోర్టులో ఏ అంకె చూడాలి?

2024 నవంబరులో గచ్చిబౌలి సిద్ధిక్‌నగర్‌లో పక్క స్థలంలో పునాది గుంత తవ్వుతుండగా ఒక బహుళ అంతస్తుల బిల్డింగ్ ఒరిగిపోయింది. లోపలున్నవాళ్లను బయటికి పంపించి, తర్వాత దాన్ని కూల్చేశారు. లోతైన సెల్లార్, మెట్రో స్టేషన్ లాంటి పెద్ద పనుల్లో చుట్టుపక్కల ఇళ్లు ఎంత కుంగాయి, ఎంత ఒరిగాయి అని కొలిచి రిపోర్టు రాస్తారు. అది కాంట్రాక్టర్‌కి, కన్సల్టెంట్‌కి వెళ్తుంది. ఇంటి ఓనర్ అడిగితే తప్ప చేతికి రావడం తక్కువ. అందుకే అడగాలి, వచ్చాక చదవడం కూడా రావాలి.

ఒక ఉదాహరణ అనుకుందాం. పక్కన 12 మీటర్ల లోతు గుంత. దాని పక్కన మూడంతస్తుల ఇల్లు. గుంత వైపు మూలలో ఒకటి, వెనక మూలలో ఒకటి చిన్న స్టీల్ బోల్టులు బిగించారు. రెండింటి మధ్య దూరం 9 మీటర్లు. లెవెల్ మిషన్‌తో వారానికోసారి వాటి ఎత్తు చూస్తారు. గోడకు టిల్ట్ ప్లేట్ కూడా అంటిస్తారు.

తవ్వకం మొదలవకముందే తీసిన మొదటి రీడింగ్‌ని బేస్‌లైన్ అంటారు. కామర్స్ చదివినవాళ్లకి చెప్పాలంటే అది ఓపెనింగ్ బ్యాలెన్స్. గుంత సగం తవ్వాక బేస్‌లైన్ తీస్తే అప్పటిదాకా కుంగింది లెక్కలోకే రాదు, రిపోర్టు మాత్రం చక్కగా కనిపిస్తుంది. కాబట్టి ముందు తేదీ చూడండి. ఏ పాయింట్‌తో పోల్చి కొలుస్తున్నారో అది గుంతకు చాలా దూరంగా ఉండాలి. ఆ పాయింటే కుంగితే మీ ఇల్లు కదల్లేదని వస్తుంది.

ఇప్పుడు లెక్క. ముందు మూల ఐదు వారాల్లో 6, 8, 9, 14, 19 మి.మీ. వెనక మూల 2, 3, 3, 3, 4 మి.మీ. ఈ ఇంటికి డిజైనర్ పెట్టిన హద్దు కుంగుబాటుకి 25 మి.మీ., వంపుకి 500లో 1 వంతు. అందులో 70 శాతం దాటితే అలర్ట్, 85 శాతం దాటితే యాక్షన్, పూర్తిగా దాటితే అలారం. ప్రతి ప్రాజెక్టులో ఇవే ఉండవు, పాత రాతి గోడల ఇళ్లకి ఇంకా తక్కువ పెడతారు.

ఐదో వారం 19 మి.మీ. వచ్చింది. 25లో 70 శాతం అంటే 17.5, కనుక అలర్ట్ దాటింది. ఇంతవరకు ఎవరైనా చూస్తారు. అసలు విషయం తేడాలో ఉంది. ఇల్లంతా సమానంగా కుంగితే గోడలు పెద్దగా పగలవు, ఒక పక్క ఎక్కువ కుంగితేనే పగుళ్లు వస్తాయి. ఇక్కడ తేడా 15 మి.మీ. దాన్ని 9,000 మి.మీ.తో భాగిస్తే 600లో 1 వంతు. హద్దుకి తగ్గ తేడా 18 మి.మీ., అంటే 83 శాతం అయిపోయింది. గత రెండు వారాలూ ముందు మూల 5 మి.మీ. చొప్పున దిగింది. వచ్చే వారం కూడా అంతే దిగి వెనక మూల అలాగే ఉంటే, ముందు మూల 24 దగ్గర ఆగుతుంది, కుంగుబాటు హద్దు దాటదు. కానీ తేడా 20 అవుతుంది, 450లో 1 వంతు. కుంగుబాటు గడి ఇంకా అలారానికి రాకముందే వంపు గడి ఎర్రగా మారుతుంది. పైన ఒకే అంకె చూపించి "హద్దులోనే ఉంది సార్" అంటే ఒప్పుకోకూడదు.

ఒక మిల్లీమీటరు అటూ ఇటూ కదిలితే భయపడక్కర్లేదు, అది కొలతలోని తేడా కావచ్చు. ఎండకి గోడ వేడెక్కినా టిల్ట్ మారుతుంది, అందుకే రోజూ ఒకే సమయంలో తీయాలి. టిల్ట్ ప్లేట్ ఒకటి చెప్పి, మూలల లెక్క ఇంకోటి చెబితే ముందు ప్లేట్ వదులైందేమో చూడాలి.

కారణం కూడా రిపోర్టులోనే కొంత కనిపిస్తుంది. గుంత గోడ లోపలికి వంగితే దగ్గరి ఇళ్లు గుంత వైపు ఒరుగుతాయి. నీళ్లు ఎక్కువగా తోడేస్తే దూరంగా ఉన్న ఇళ్లు కూడా కుంగుతాయి, భూగర్భ నీటి మట్టం రీడింగ్ కూడా పడిపోతుంది. మొదటిదైతే సపోర్టులు బిగించేదాకా తవ్వకం ఆపాలి, రెండోదైతే పంపులు తగ్గించాలి.

ఇంకో ప్రమాదం హద్దునే పెంచేయడం. 2004 ఏప్రిల్ 20న సింగపూర్‌లో నికోల్ హైవే దగ్గర మెట్రో తవ్వకం కూలి నలుగురు చనిపోయారు. అక్కడ గోడ వంపు రీడింగులు హద్దు దాటినప్పుడు మళ్లీ లెక్కలు వేసి హద్దులు పెంచారని విచారణలో తేలింది. అందుకే ఈ నెల రిపోర్టు పక్కన పోయిన నెలది పెట్టి చూడండి. హద్దు గడిలోని అంకె మారి ఉంటే ఎవరు, ఏ లెక్కతో మార్చారో రాతపూర్వకంగా అడగండి.