పదిహేను సెంట్ల బ్రోమిన్

అమెరికాలోని మిషిగన్‌లో హెర్బర్ట్ డౌ ఉప్పునీటి నుంచి బ్రోమిన్ తీసేవారు. జర్మన్ కంపెనీల కూటమి పౌండు 49 సెంట్లకు అమ్మే సరుకును 1904లో ఆయన ఇంగ్లండ్‌లో 36కే ఇచ్చారు. ఆయన్ని దెబ్బతీయాలని కూటమి అమెరికాలో 15 సెంట్లకే బ్రోమిన్ కుమ్మరించింది.

డౌ ధరలో పోటీకి దిగలేదు. ఆ చవక సరుకునే ఏజెంటుతో గుట్టుగా కొనిపించి, కొత్తగా ప్యాక్ చేయించి, జర్మనీలోనే 27 సెంట్లకు అమ్మారు! అమెరికాలో ఇంత గిరాకీ ఏమిటో అంతుపట్టక జర్మన్లు ధర ఇంకా తగ్గించారు. ఆయన లాభం పెరిగింది.

త్వరగా పాడయ్యే సరుకుతో ఈ ఎత్తు పారదు. ప్రత్యర్థి ధర మరోచోట ఎక్కువగా ఉంటేనే పనికొస్తుంది. పెద్ద స్టోరు చక్కెరను హోల్‌సేల్ ధరకన్నా తక్కువకు అమ్మితే, వీధి కిరాణా యజమాని తన కొట్టుకు అక్కడే కొనుక్కోవచ్చు. మనిషికి ఇన్ని కిలోలేనని షరతు లేనంతవరకు.