ఆ ఫోటోలో బిడ్డ తల ఎవరు పట్టుకున్నారు?

పుట్టి పట్టుమని పది రోజులైనా కాని పసిబిడ్డ, రెండు అరచేతుల మీద గడ్డం ఆనించుకుని కళ్లు మూసుకుని నిద్రపోతున్న ఫోటో మీరు చూసే ఉంటారు. మోచేతులు మెత్త మీద, కాళ్లు రెండు పక్కలా మడిచి, చూడ్డానికి కప్ప కూర్చున్నట్టుంటుంది కాబట్టి మా ఫోటోగ్రాఫర్లు దాన్ని ఫ్రాగీ పోజు అంటారు. మాకూ అలాంటిది ఒకటి కావాలని చాలామంది తల్లిదండ్రులు అడుగుతారు. పక్కనే ఉన్న అమ్మమ్మ మాత్రం, "మెడ నిలవని బిడ్డని అలా ఎట్లా కూర్చోబెడతావమ్మా?" అంటుంది. సరైన ప్రశ్న అమ్మమ్మదే. నేను అలా కూర్చోబెట్టను. ఎవరూ కూర్చోబెట్టకూడదు.

ఆ ఫోటో నిజానికి రెండు ఫోటోల కలయిక. కెమెరాను ట్రైపాడ్ మీద కదలకుండా బిగిస్తాం. మొదటి ఫోటోకు నా సహాయకురాలు బిడ్డ మణికట్లను, గడ్డం కింద ఉన్న చేతులను తన చేత్తో పట్టి మొత్తం బరువు తనే మోస్తుంది. అప్పుడు బిడ్డ ముఖం, తల పైభాగం కెమెరాకు శుభ్రంగా కనిపిస్తాయి. తర్వాత ఆమె చేతులు ఒకదాని తర్వాత ఒకటిగా మారతాయి. తల నడినెత్తి దగ్గర వేళ్లతో నిలకడగా పట్టుకున్నాకే కింది చేయి వదులుతుంది. రెండో ఫోటోలో బిడ్డ చేతులు, మోచేతులు విడిగా కనిపిస్తాయి. ఒక్కో ఫోటోకు పట్టేది కొన్ని సెకన్లే. ఇంటికి వచ్చాక కంప్యూటర్ మీద మొదటి ఫోటోలోని పైసగం, రెండో ఫోటోలోని కిందిసగం కలిపి, సహాయకురాలి చేతులు తీసేస్తాను. ఆ కాసేపట్లో ఒక్క క్షణం కూడా బిడ్డ తల ఎవరి చేతిలోనూ లేకుండా ఉండదు.

ఇంత పట్టింపు ఎందుకంటే, అప్పుడే పుట్టిన బిడ్డ పొడవులో దాదాపు నాలుగో వంతు తలే ఉంటుంది. ఆ బరువును ఆపే బలం మెడ కండరాలకు ఇంకా రాలేదు. పట్టు వదిలితే తల ముందుకో పక్కకో వాలిపోతుంది. ముందుకు వాలి గడ్డం ఛాతీకి నొక్కుకుంటే మెత్తని శ్వాసనాళం మడత పడుతుంది. బిడ్డ ఏడవదు, గింజుకోదు. గాలి తగ్గిపోతున్నా బయటికి నిద్రపోతున్నట్టే ఉంటుంది. అందుకే ఏ పోజులోనైనా నా కళ్లు మొదట వెతికేది ఆ సందునే. గడ్డానికీ ఛాతీకీ మధ్య ఒక వేలు పట్టాలి, ముక్కు రంధ్రాలు రెండూ నాకు కనపడాలి. చిన్న బుట్టలోనో బకెట్‌లోనో పెట్టిన ఫోటోలకూ ఇదే లెక్క. బుట్ట అడుగున ఇసుక సంచి పెట్టి ఒరగకుండా చేస్తాం. ఒకరి చేయి ఎప్పుడూ బిడ్డ మీదో, బిడ్డకు జానెడు దూరంలోనో ఉంటుంది. ఆ చేయి కూడా తర్వాత చెరిపేసేదే. చెట్టుకొమ్మకు వేలాడే గుడ్డ ఉయ్యాలలో బిడ్డ పడుకున్నట్టుండే ఫోటోలు కూడా ఇలా కలిపినవే. బిడ్డ పరుపు మీదే ఉంటుంది, కొమ్మ ఫోటో వేరే తీసి అతికిస్తారు.

కాబట్టి మీరు ఎవరి దగ్గర ఫోటోలు తీయించుకోవాలనుకున్నా ఒక్క మాట అడగండి: "ఈ కప్ప పోజుకు కలపకముందు తీసిన రెండు ఫోటోలు చూపిస్తారా?" పని తెలిసినవాళ్లు వెంటనే ఫోన్లో చూపిస్తారు. "మీ బిడ్డ మెడ గట్టిదే, తనే నిలబెట్టుకుంటుంది" అన్న జవాబు వస్తే, ఆల్బమ్ ఎంత అందంగా ఉన్నా అక్కడి నుంచి లేచి వచ్చేయండి. రెండు ఫోటోల పద్ధతి తెలిసినా సరే, ప్రతి బిడ్డతో ఈ పోజు కుదరదు. గాఢనిద్ర పట్టాలి, కాళ్లు తమంతట తాము మడత పడాలి. కాలు మెల్లగా మడిస్తే బిడ్డ సాచేసిందంటే ఇష్టం లేదని అర్థం. అక్కడితో ఆ ఫోటో సంగతి మరిచిపోతాను. పొత్తిగుడ్డలో చుట్టిన బిడ్డ ఫోటో దానికేం తీసిపోదు.

చుట్టడంలోనూ ఒక మెలకువ ఉంది. పసిపిల్లలు నిద్రలో ఉలిక్కిపడి చేతులు విసురుతారు, వాటికే మెలకువ వస్తుంది. చేతులు ఒంటికి దగ్గరగా చుడితే హాయిగా పడుకుంటారు. కాళ్లను మాత్రం తిన్నగా సాగదీసి బిగించి చుట్టకూడదు. తుంటి కీలు ఇంకా గట్టిపడని వయసు కదా, మోకాళ్లు మడిచి పక్కలకు తెరుచుకునేంత చోటు కావాలి. బొడ్డు ఊడని బిడ్డకు ఆ చోట గుడ్డ ఒత్తుకోకుండా చూస్తాను. ఇక్కడే ఇంకో మాట. మా దగ్గర బోర్లా పడుకోబెట్టి తీసిన ఫోటో ముద్దుగా ఉందని ఇంట్లో అలా నిద్రపుచ్చకండి. ఫోటోలో కనపడని చేయి రాత్రి మీ మంచం మీద ఉండదు. ఇంట్లో ఎప్పుడూ వెల్లకిలే.

ఫోటో తీస్తున్నంతసేపూ నేను రంగు చూస్తుంటాను. మొదటి రోజుల్లో అరచేతులు, పాదాలు కాస్త నీలంగా ఉండటం మామూలే. మడిచిన కాలు ముదురు ఊదారంగుకు తిరిగితే రక్తప్రసారం సరిగా లేదని లెక్క, వెంటనే కాలు సాచి పోజు మారుస్తాను. పెదవులు, నాలుక నీలంగా మారితే అది ఫోటోగ్రాఫర్ చూసే విషయం కాదు, అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్లాల్సిందే. ఇక పచ్చకామెర్లు. నెలలు నిండి పుట్టిన బిడ్డల్లో కూడా రెండు మూడు రోజులకు ఒళ్లు పచ్చబడటం, నాలుగైదు రోజులకు అది ఎక్కువై ఆ తర్వాత తగ్గడం చాలామందిలో చూస్తాం. కంప్యూటర్ మీద ఆ పసుపును నిమిషంలో తీసేయగలను. కానీ కిటికీ వెలుగులో బిడ్డ కాళ్ల దాకా పచ్చగా కనిపిస్తే, ముందు తల్లికి చెప్పాకే కెమెరా పట్టుకుంటాను. "మావాడు ఎంత బుద్ధిమంతుడో, పాలకు కూడా లేవడు" అని మురిసిపోతూ చెప్పేవాళ్లున్నారు. పచ్చగా ఉన్న బిడ్డ పాలకు లేవకుండా మత్తుగా పడుకుంటే ఫోటోలు వాయిదా వేసి, ఆ రోజే పిల్లల డాక్టరుకు చూపించమంటాను. మత్తుగా పడుకున్న బిడ్డతో మా పని తేలికే. అందుకే మరింత జాగ్రత్తగా ఉండాలి.

గది వేడి సంగతి తల్లులు ఎక్కువగా అడుగుతారు. బట్టలు లేకుండా తీసే ఫోటోలకు గది 26 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలి. గోడకు థర్మామీటర్ పెట్టుకుంటాను. విజయవాడ మే నెలలో దీనికి ఏసీ కావాలి, గాలి సూటిగా బిడ్డ మీదికి రాకూడదు. జనవరిలో రూమ్ హీటర్ కావాలి, అది మంచానికి దూరంగా ఉండాలి. బిడ్డ చేతులు చల్లగా ఉన్నాయని కంగారు పడక్కర్లేదు. ఛాతీ మీదో మెడ వెనకో చెయ్యి పెట్టి చూడండి. అక్కడ చల్లగా ఉంటే చలేస్తున్నట్టు, చెమట పడితే ఉక్క పోస్తున్నట్టు.

నిద్రలో ముడుచుకునే ఫోటోలకు పుట్టిన ఐదో రోజు నుంచి రెండు వారాల లోపు అనువైన సమయమని విదేశాల్లో స్టూడియోలవాళ్లు చెబుతారు. మన ఇళ్లలో ఆ రోజులు పురుడులో గడుస్తాయి. పదకొండో రోజు పురిటి స్నానం దాకా బాలింత గడప దాటదు. ఇరవై ఒకటో రోజు బారసాల చేసేవాళ్లుంటారు, నెల దాకా కదలనివాళ్లూ ఉంటారు. దాన్ని నేను అడ్డంకిగా చూడను. బాలింతకు ఆ విశ్రాంతి కావాలి కాబట్టి మెత్త, గుడ్డలు, లైటు పట్టుకుని నేనే ఆమె పుట్టింటికి వెళ్తాను. మూడు వారాలు దాటిన బిడ్డ ముడుచుకుని పడుకోకపోవచ్చు. కళ్లు తెరిచి అమ్మమ్మను చూస్తున్న ఫోటో వస్తుంది.

అక్కడ నేను అడిగేవి కొన్నే. ఆ పూటకు సాంబ్రాణి పొగ ఆ గదిలో వద్దు, పొగ పసి ఊపిరితిత్తులకు పడదు. దిష్టి చుక్క అరికాలికి పెట్టండి, కాటుక కంట్లో మాత్రం పెట్టకండి. మొలతాడు వదులు చూస్తాను. మెడలో నల్లపూసల దండ ఉంటే తల్లి చేతే తీయిస్తాను, నిద్రలో అది గొంతుకు బిగుసుకోవచ్చు.

ఇక బుకింగ్. ఒక ఉదాహరణ చెబుతాను. డాక్టరు చెప్పిన కాన్పు తేదీ మార్చి 10 అనుకుందాం. డిసెంబరులో, అంటే ఆరో నెల చివర్లో ఫోన్ చేస్తే చాలు. తేదీ ఖాయం చేయను. మార్చి 10 అని రాసుకుని, ఆ తర్వాత మూడు వారాల్లో కొన్ని పూటలు ఖాళీగా ఉంచుతాను. మొత్తంలో నాలుగో వంతు అడ్వాన్సు. బిడ్డ మార్చి 6న పుట్టిందనుకోండి. ఒకటి రెండు రోజుల్లో ఇంట్లోవాళ్లెవరైనా నాకు చెప్పాలి: బిడ్డ బరువు, మామూలు కాన్పా ఆపరేషనా, బిడ్డను ఐసీయూలో ఉంచారా అని. పురిటి స్నానం 16న అయితే, మర్నాడు 17 ఉదయం పదింటికి వస్తాను. నెలలు నిండకుండా ఫిబ్రవరి మొదట్లోనే పుడితే, పుట్టిన రోజు నుంచి కాకుండా మార్చి 10 నుంచి రోజులు లెక్కపెట్టి, పిల్లల డాక్టరు సరేనన్నాకే వస్తాను.

ఆ ఉదయానికి మూడు గంటలు కేటాయించుకోండి. అందులో కెమెరా పనిచేసేది అరగంట కూడా ఉండదు. మిగతాదంతా పాలు పట్టడం, భుజాన వేసుకుని త్రేన్పు వచ్చేదాకా తట్టడం, గుడ్డలు మార్చడం. చుట్టిన ఫోటోలు ముందు, అమ్మానాన్నలతో తర్వాత, మెత్త మీద పోజులు నిద్ర గాఢమయ్యాక. ఆపరేషన్ అయిన తల్లికి వీపు ఆనే కుర్చీ వేస్తాం, ఆమె వంగాల్సిన పని, బరువెత్తాల్సిన పని ఏదీ ఉండదు. మేమిద్దరం ఉంగరాలు, గాజులు తీసి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్నాకే బిడ్డను ముట్టుకుంటాం. కోరింతదగ్గు టీకా ఇద్దరమూ వేయించుకున్నాం. మాలో ఎవరికి జలుబు చేసినా, మీ ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా వాయిదా వేస్తాం, దానికి అడ్వాన్సు పోదు. పెదవి మీద జ్వరపు పొక్కు ఉన్న చుట్టం బిడ్డను ముద్దుపెట్టుకోకుండా చూసే పని మాత్రం మీదే.

ఫోటోలు మూడు వారాల్లో ఇస్తాను. నా ప్రచారానికి మీ బిడ్డ ఫోటో వాడాలంటే విడిగా రాతపూర్వకంగా అడుగుతాను, వద్దంటే ధర మారదు. ఒంటి మీద బట్ట లేని ఫోటోలు మీరు ఒప్పుకున్నా బయట పెట్టను. ఫోన్ చేసేటప్పుడు కాన్పు తేదీ, తల్లి ఏ ఊళ్లో ఉంటుందో, పురిటి స్నానం ఎన్నో రోజు చేస్తారో చెప్పగలిగితే అక్కడికక్కడే మీ పేరు రాసుకుంటాను.