నాలుగు భుజాలు చెబితే కర్ణాలు చెప్పగలమా?

ఒక చతుర్భుజం భుజాలు వరుసగా 25, 39, 60, 52. దాని కర్ణాలెంత? 1150లో భాస్కరాచార్యుడు రాసిన లీలావతిలో ఈ నాలుగు అంకెలూ కనిపిస్తాయి. అయితే కర్ణాలు కట్టే సూత్రం ఆయనది కాదు. అంతకు ఐదు వందల ఏళ్ల ముందు, 628లో, బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుట సిద్ధాంతంలో దాన్ని చెప్పాడు. భాస్కరుడికి ఆ సూత్రం మీద ఒక పేచీ కూడా ఉంది. న్యాయమైన పేచీయే, దాని దగ్గరికి తర్వాత వద్దాం.

ముందు చేతికి పని. వృత్తలేఖినిలో మూడున్నర సెంటీమీటర్లకు కాస్త తక్కువగా, సరిగ్గా 32.5 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో ఒక వృత్తం గీయండి. దాని మీద ఎక్కడైనా ఒక చుక్క పెట్టి, అక్కడి నుంచి 25 మి.మీ. జ్యా, దాని చివర నుంచి 39, ఆ తర్వాత 60, చివరగా 52 గీయండి. బయలుదేరిన చుక్క దగ్గరికే వచ్చి చేరతారు. నాలుగు శీర్షాలూ ఒకే వృత్తం మీద ఉన్నాయి కాబట్టి ఇది చక్రీయ చతుర్భుజం. ఇప్పుడు కర్ణాలు గీసి స్కేలు పెట్టి చూడండి: ఒకటి 56, ఇంకోటి 63.

స్కేలు లేకుండా ఈ సంఖ్యలు రాబట్టాలంటే మొదటి ఆధారం టాలెమీ పేరుతో ఉన్న సంబంధం. ఆయన క్రీ.శ. రెండో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ఉన్న ఖగోళవేత్త. గ్రహాల లెక్కలకు వృత్తంలోని జ్యాల పొడవులు పట్టికగా కావలసి వచ్చి, ఆ పట్టిక కట్టడానికి దీన్ని నిరూపించుకున్నాడు. చక్రీయ చతుర్భుజంలో ఎదురెదురు భుజాల జతలను విడివిడిగా గుణించి కలిపితే, కర్ణాల లబ్ధం వస్తుంది. దీర్ఘచతురస్రంలో ఎదురు భుజాలు సమానం, కర్ణాలూ సమానం. అక్కడ ఈ మాటే పైథాగరస్ సిద్ధాంతమైపోతుంది.

మన బొమ్మలో 25కి ఎదురు 60, 39కి ఎదురు 52. 25 × 60 = 1500, 39 × 52 = 2028. మొత్తం 3528. అంటే రెండు కర్ణాలనూ గుణిస్తే 3528 రావాలి. కానీ రెండు తెలియని సంఖ్యలకు ఒక్క సమీకరణం చాలదు. రెండోది ఎక్కడి నుంచి తేవాలి?

కత్తెరతో తేవచ్చు. 25, 39 భుజాలను ఒకవైపు, 60, 52లను మరోవైపు ఉంచే కర్ణాన్ని ‘మొదటి కర్ణం’ అందాం. దాని వెంట బొమ్మను కత్తిరించి, 25–39 ముక్కను తిరగేసి, అదే కర్ణానికి అతికించండి. భుజాల వరుస 39, 25, 60, 52 అవుతుంది. తిరగేసినా ఆ త్రిభుజం అదే వృత్తంలో ఇముడుతుంది కాబట్టి కొత్త చతుర్భుజమూ చక్రీయమే. మొదటి కర్ణం కదలలేదు. రెండో కర్ణం పోయి, దాని స్థానంలో మరొకటి వచ్చింది. దాన్ని ‘మూడో కర్ణం’ అందాం. ఇప్పుడు 39కి ఎదురు 60, 25కి ఎదురు 52. టాలెమీ సంబంధం మళ్లీ వేస్తే, మొదటి కర్ణం × మూడో కర్ణం = 2340 + 1300 = 3640.

అసలు బొమ్మకే తిరిగి వెళ్లి, ఈసారి రెండో కర్ణం వెంట కత్తిరించి 39–60 ముక్కను తిరగేయండి. ఇక్కడ కొత్తగా వచ్చేదీ ఆ మూడో కర్ణమే, ఎందుకంటే రెండు సందర్భాల్లోనూ అది 25, 60లను ఒకవైపు, 39, 52లను మరోవైపు ఉంచుతుంది. ఇప్పుడు 25కి ఎదురు 39, 60కి ఎదురు 52. కాబట్టి రెండో కర్ణం × మూడో కర్ణం = 975 + 3120 = 4095.

ఈ రెంటినీ భాగిస్తే మూడో కర్ణం కొట్టుకుపోతుంది. మొదటి కర్ణానికీ రెండో కర్ణానికీ నిష్పత్తి 3640 : 4095, అంటే 8 : 9. లబ్ధం 3528 అని ముందే తెలుసు. మొదటి కర్ణం వర్గం 3528 × 8/9 = 3136, అది 56 వర్గం. రెండోది 3528 × 9/8 = 3969, అది 63 వర్గం. స్కేలు చెప్పింది నిజమే.

భుజాలను వరుసగా a, b, c, d అంటే, a, b ఒకవైపు ఉండే కర్ణం p, మరోది q అయితే, బ్రహ్మగుప్తుడి సూత్రం ఇది:

p² = (ac + bd)(ad + bc) / (ab + cd)
q² = (ac + bd)(ab + cd) / (ad + bc)

సూత్రాన్ని బట్టీ పట్టడం కన్నా కత్తెర గుర్తుంచుకోవడమే తేలిక అని నా అభిప్రాయం. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో ఈ సూత్రం మళ్లీ చెప్పాడు. పావులూరి మల్లన తెలుగు చేసిన గణితం ఆ గ్రంథమే.

మూడో కర్ణం విలువ చూశారా? 3640ను 56తో భాగిస్తే 65. మన వృత్తం వ్యాసమూ 65 మిల్లీమీటర్లే. 25, 60, 65 ఒక లంబకోణ త్రిభుజం. 5, 12, 13ను ఐదింతలు చేస్తే వస్తుంది. 39, 52, 65 మరొకటి. 3, 4, 5ను పదమూడింతలు చేసింది. చిన్న త్రిభుజాల్లో ఒకదాని కర్ణంతో రెండోదాని భుజాలను గుణించి చతుర్భుజం కట్టే పద్ధతి కూడా బ్రహ్మగుప్తుడు ఇచ్చినదే. వర్గమూలం దగ్గర ఎక్కడా పేచీ రాకుండా 56, 63 పూర్ణాంకాలుగా తేలడానికి కారణం అది. మీకు మీరు వేరే నాలుగు భుజాలు వేసుకుంటే దశాంశాలు వస్తాయి, లెక్క తప్పిందని కంగారుపడకండి.

ఇక భాస్కరుడి పేచీ. బ్రహ్మగుప్తుడు ఆ శ్లోకంలో చతుర్భుజం వృత్తంలో ఉండాలని విడిగా చెప్పలేదు. నాలుగు భుజాలు మాత్రమే ఇస్తే కర్ణాలు నిశ్చయం కావని, లంబమో కర్ణమో ఒకటి చెప్పకుండా వైశాల్యం అడిగేవాడు పిశాచమని భాస్కరుడు మందలించాడు. నాలుగు పుల్లలు మూలల్లో కదిలేలా బిగించి చూస్తే ఆయన కోపం అర్థమవుతుంది. మన నాలుగు కొలతలతోనే మొదటి కర్ణాన్ని 60కి లాగితే రెండోది సుమారు 57.7కి తగ్గుతుంది. గుణించి చూడండి, సుమారు 3462. 3528కి చేరలేదు.

ఇది ఎప్పుడూ ఇంతే. శీర్షాలు ఒకే వృత్తం మీద లేకపోతే కర్ణాల లబ్ధం ఎదురు భుజాల లబ్ధాల మొత్తం కన్నా తక్కువే అవుతుంది, ఎక్కువ ఎన్నటికీ కాదు. కాబట్టి ఏ చతుర్భుజం ముందు పెట్టినా రెండు కర్ణాలూ కొలిచి ఈ లెక్క సరిచూస్తే, అది చక్రీయమో కాదో తేలిపోతుంది. కొలిచిన లబ్ధం ఎక్కువ వచ్చిందంటే తప్పు మీ టేపులోనే ఉంది.

పొలాలూ ఇళ్ల స్థలాలూ వృత్తాల్లో ఇమిడి ఉండవు. నాలుగు హద్దుల పొడవులు మాత్రమే రాసిన కాగితం చూసి ఎవరైనా వైశాల్యం చెబితే నమ్మకండి. మూల నుంచి మూలకు ఒక్క కర్ణమైనా కొలవమనండి.