ఏ గుండు దేనికి?

1805 అక్టోబరు 21. స్పెయిన్ దక్షిణ తీరంలో ట్రఫాల్గర్ అగ్రం దగ్గర గాలి బాగా పలచబడింది. బ్రిటిష్ అడ్మిరల్ నెల్సన్ ఎక్కిన విక్టరీ నౌక, మనిషి నడిచేంత వేగంతో, బారు తీరి ఉన్న ఫ్రెంచి, స్పానిష్ నౌకల వైపు సాగుతోంది. దాని 104 ఫిరంగుల్లో దాదాపు అన్నీ రెండు పక్కలకు తిరిగి ఉన్నాయి. అది ముక్కుసూటిగా శత్రువు మీదికి వెళుతోంది కాబట్టి ఎదురు కాల్పులు జరిపే వీలు లేదు. ఎదుటివాళ్లకు మాత్రం పక్కలన్నీ తెరిచి కాల్చే అవకాశం ఉంది. సుమారు 40 నిమిషాల పాటు విక్టరీ దెబ్బలు తింటూనే ముందుకు పోయింది.

ఫ్రెంచివాళ్లు వెంటనే గుప్పించలేదు. మైలుకు పైగా దూరం ఉండగా ఒక్కో గుండు చొప్పున వదిలారు. మొదటిది ఇవతలే నీళ్లలో పడింది. తర్వాతిది నౌక పక్కన పడింది. ఇంకొకటి నెత్తిమీదుగా పోయింది. చివరికి ఒక గుండు పై తెరచాపను చీల్చుకుంటూ వెళ్లింది. గుడ్డలో చిల్లు కనబడగానే దూరం సరిపోయిందని అర్థమైంది. అప్పుడు అనేక నౌకలు ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి.

అంత దూరం నుంచి వాడగలిగింది ఒక్క రకం గుండునే, మామూలు ఇనుప గోళాన్ని. విక్టరీ కింది డెక్కులోని పెద్ద ఫిరంగులు 32 పౌన్ల గుండును కాల్చేవి. అంటే పద్నాలుగున్నర కిలోల పోత ఇనుము, అడ్డంగా కొలిస్తే 15 సెంటీమీటర్లకు కాస్త పైన. గుండ్రటి వస్తువు ఏ వైపు తిరిగినా గాలికి ఒకే రకంగా ఎదురవుతుంది కాబట్టి అన్నిటికంటే దూరం, అన్నిటికంటే తిన్నగా వెళుతుంది. తిన్నగా అంటే మరీ తిన్నగా కాదు. తుప్పు, మసి పట్టినా ఇరుక్కోకూడదని గుండును గొట్టం కన్నా ఆరేడు మిల్లీమీటర్లు సన్నగా పోసేవారు. ఆ సందులో గుండు అటూ ఇటూ తగులుతూ బయటికి వస్తుంది. చివర ఏ అంచుకు తగిలిందో దాన్ని బట్టి దారి మారిపోతుంది. కొన్ని వందల మీటర్లు దాటితే గురి అన్నమాటకు పెద్దగా విలువ లేదు.

దూరం తగ్గాక గొలుసు గుండుకు అదను వస్తుంది. రెండు గోళాలనో, రెండు అర్ధగోళాలనో ఇనుప గొలుసుతో కలిపితే అది గొలుసు గుండు. గొలుసు బదులు కడ్డీ పెడితే కడ్డీ గుండు. పని రెండింటిదీ ఒకటే. ఫిరంగి నోరు దాటగానే పల్టీలు కొడుతూ, మనిషి చేతులు బారచాపినంత మేర తుడుచుకుంటూ పోతాయి. అలా దొర్లేదానికి గాలి బాగా అడ్డు తగులుతుంది. వేగం త్వరగా చచ్చిపోతుంది, దారి తప్పుతుంది. దగ్గర నుంచి కాల్చినప్పుడే దానికి ప్రయోజనం. పైగా మందపాటి ఓకు పలకలకు అది తగిలినా పెద్దగా లోపలికి దిగదు.

అది వెతికేది తాళ్లను, అడ్డకొయ్యలను. చాలామంది తెరచాప గుడ్డ చినిగితే నౌక ఆగిపోతుందనుకుంటారు. ట్రఫాల్గర్‌లో విక్టరీ ముందు స్తంభానికి కట్టిన తెరచాప ఒకటి నేటికీ ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్‌లో భద్రంగా ఉంది. దాని మీద సుమారు 90 చిల్లులున్నాయి. అన్ని చిల్లులతోనూ అది గాలి పట్టింది, నౌకను శత్రువుల బారులోకి తీసుకెళ్లింది. గుండ్రటి గుండు గుడ్డలో గుండ్రటి చిల్లు చేసి దాటిపోతుంది, అంతే. స్తంభాన్ని నిలబెట్టేవి రెండు పక్కలా, ముందూ వెనకా లాగి కట్టిన లావుపాటి మోకులు. గాలి వచ్చే వైపు మోకుల మీదే బరువంతా ఉంటుంది. వాటిలో కొన్ని తెగితే మిగిలినవి ఆగలేవు, స్తంభం తనంతట తనే విరిగి కూలుతుంది. కూలినది నీళ్లలో పడి ఊరుకోదు. తాళ్లతో నౌకకే వేలాడుతూ, ఆ పక్క ఫిరంగుల నోళ్లను తెరచాపలతో కప్పేస్తుంది. ఇంకా కాల్చాలని చూస్తే ఫిరంగి మంటకు ఆ గుడ్డలే అంటుకుంటాయి.

ఫ్రెంచి నౌకాదళానికి ఈ పద్ధతి అలవాటు. శత్రువును ముంచడం కన్నా అతణ్ని కదలకుండా చేసి తమకు అప్పగించిన పని మీద వెళ్లడం వాళ్లకు ముఖ్యం. తాడు తెగితే ఎంత ప్రమాదమో తెలియాలంటే మన విశాఖపట్నం ముందు జరిగిన ఘటన చూడవచ్చు. ట్రఫాల్గర్‌కు ఏడాది ముందు, 1804 సెప్టెంబరు 15న, ఫ్రెంచి అడ్మిరల్ లిన్వా 74 ఫిరంగుల మారెంగోతో, మరో రెండు చిన్న యుద్ధనౌకలతో అక్కడికి వచ్చాడు. లంగరు వేసి ఉన్న బ్రిటిష్ నౌక సెంచూరియన్‌కు 50 ఫిరంగులు. బలం లిన్వాదే. పక్కనున్న వాణిజ్య నౌకల్లో ఒకదాన్ని పట్టుకున్నాడు, రెండోది ఒడ్డుకు కొట్టుకుపోయి బద్దలైంది. అయినా సెంచూరియన్‌ను వదిలేసి వెళ్లిపోయాడు. మారెంగోకు పెద్ద దెబ్బ తగిలితే బాగు చేసుకోవడానికి ఆయనకున్న చోటు మారిషస్ దీవి. ఒక స్తంభం పోతే అంత సముద్రం దాటడమెలా అన్నది ఏ కెప్టెనుకైనా నిద్ర పట్టనివ్వని ప్రశ్నే.

తిరిగి విక్టరీ దగ్గరికి వద్దాం. పైకి గురిపెట్టిన కాల్పుల్లో చాలావరకు వృథా అయ్యాయి. పడమటి నుంచి వస్తున్న పెద్ద అలల మీద నౌకలు ఊగుతున్నాయి, నిప్పు పెట్టే క్షణం కాస్త అటూ ఇటూ అయితే గుండు ఆకాశంలోకే పోతుంది. తగిలినవి మాత్రం తగిలాయి. వెనక స్తంభం పైభాగం విరిగిపడింది, చుక్కాని తిప్పే చక్రం ముక్కలైంది. కింది డెక్కులో తాళ్లు కట్టి మనుషులు లాగుతూ నౌకను నడపాల్సి వచ్చింది. తాళ్లను తెంచాల్సిన ఒక కడ్డీ గుండు వెనకటి ఎత్తు డెక్కు మీద వరుసగా నిలబడ్డ సైనికుల్లో ఎనిమిది మందిని ఒక్కసారిగా చంపింది. మిగిలినవాళ్లు గుంపుగా ఉండకుండా నౌకంతా విడిపోవాలని నెల్సన్ ఆజ్ఞాపించాడు. ఏ గుండు దేనికన్నది పుస్తకంలో రాసుకున్న ఏర్పాటు. ఎదురుగా ఎవరున్నారో గుండు చూడదు.

మధ్యాహ్నం విక్టరీ శత్రువుల బారును చీల్చుకుంటూ ఫ్రెంచి అడ్మిరల్ విల్నెవ్ నౌక బ్యూసాంటార్ వెనక నుంచి దాటింది. ఆనాటి నౌకకు పక్కలు గోడల్లాంటివి. విక్టరీకి నీటిమట్టం దగ్గర పలకల మందం సుమారు రెండడుగులు. వెనక భాగం మాత్రం అధికారుల గదుల గాజు కిటికీలతో బలహీనంగా ఉంటుంది. అక్కడ దూరిన గుండుకు అడ్డుగోడ ఉండదు. డెక్కు పొడవునా, ఫిరంగుల మధ్య నిలబడ్డ మనుషుల గుండా ముందు భాగం దాకా పోతుంది. విక్టరీ ముందు డెక్కు మీదున్న కారొనేడ్, అంటే పొట్టిగా, వెడల్పు నోరున్న 68 పౌన్ల ఫిరంగి, మొదట పేలింది. అందులో ఒక పెద్ద గుండుతో పాటు 500 తుపాకీ గుళ్లు నింపిన చిన్న పీపా కూడా కూరారు. ఆ తర్వాత ఎడమ పక్క ఫిరంగులు వరుసగా పేలాయి. ఒక్కోదానిలో రెండు, కొన్నిటిలో మూడు గుండ్లు.

ఒకే మందుతో రెండు గుండ్లు పంపితే ఒక్కోదాని వేగం తగ్గుతుంది. దూరం పోవు, కలిసి పోవు. కానీ పది గజాల దూరంలో అది లోపం కాదు, పైగా లాభం. పూర్తి మందుతో సెకనుకు 480 మీటర్ల వేగంతో వచ్చే గుండు ఓకు పలకలో శుభ్రమైన చిల్లు చేసి దూసుకుపోతుంది. నెమ్మదిగా వచ్చే గుండు పలకను లోపలివైపు పగలగొట్టి, జానెడు మూరెడు పేళ్లను ఈటెల్లా విసురుతుంది. గుండు తగిలి చచ్చినవాళ్లకు తోడు ఈ పేళ్లు దిగి పడిపోయినవాళ్లూ ఎందరో.

చిల్లులు పడితే నౌక మునగదా అని ఎవరికైనా అనిపిస్తుంది. అంత సులువు కాదు. గుండు దాటాక ఓకు నారలు కొంత తిరిగి దగ్గరికి వస్తాయి, చిల్లు గుండు కన్నా చిన్నదిగా మిగులుతుంది. చాలా దెబ్బలు నీటిమట్టానికి పైనే పడతాయి. కింద పడ్డవాటిని మూయడానికి వడ్రంగి తన మనుషులతో, కోసి ఉంచుకున్న చెక్క బిరడాలతో పలకల పక్కనే తిరుగుతుంటాడు. ట్రఫాల్గర్‌లో 33 ఫ్రెంచి, స్పానిష్ నౌకలుంటే పోరు సాగుతుండగా గుండ్ల దెబ్బకు మునిగినది ఒక్కటీ లేదు. ఆషిల్ అనే నౌక నిప్పంటుకుని పేలిపోయింది. గుండ్రటి గుండు చేసే పని ఫిరంగులను బోర్లా పడేయడం, వాటి దగ్గరి మనుషులను లేకుండా చేయడం.

మనుషులు బయట కనబడుతున్నప్పుడు మాత్రం ఒక్క పెద్ద గుండు దండగ. అప్పుడు గ్రేప్ షాట్. ఇనుప బిళ్ల మీద నిలబెట్టిన కడ్డీ చుట్టూ, వరుసకు మూడు చొప్పున మూడు వరుసలుగా తొమ్మిది చిన్న గుండ్లు పేర్చి, కాన్వాసు సంచిలో పెట్టి తాడుతో బిగిస్తారు. చూడ్డానికి అచ్చం ద్రాక్షగుత్తే. 32 పౌన్ల ఫిరంగికైతే ఒక్కోటి మూడు పౌన్లు. పేలగానే సంచి చినిగి గుండ్లు విచ్చుకుంటాయి. రెండడుగుల పలకను అవి చీల్చలేవు, కొన్ని వందల మీటర్లు దాటితే చెల్లాచెదురై పనికిరావు. పై డెక్కు మీద, పడవల్లో గుమిగూడిన జనం మీద వాటి దెబ్బ భయంకరం.

ఆ రోజు విక్టరీ కాసేపటికి రెడూటబుల్ అనే ఫ్రెంచి నౌకకు ఒరుసుకుని నిలిచింది. దాని కెప్టెన్ లూకా తన మనుషులకు ఫిరంగుల కన్నా తుపాకులు, చేతి బాంబులు వాడటమే ఎక్కువగా నేర్పాడు. శత్రునౌక మీదికి దూకి పట్టుకోవాలని ఆయన పథకం. నెల్సన్‌కు ప్రాణాంతకమైన తూటా తగిలింది ఆ నౌక స్తంభం మీది నుంచే. విక్టరీ పై డెక్కు దాదాపు ఖాళీ అయింది. లూకా మనుషులు దూకడానికి అంచున గుంపుగా చేరారు. సరిగ్గా అప్పుడే రెండో పక్క నుంచి వచ్చిన బ్రిటిష్ నౌక టెమరెయిర్ ఆ గుంపు మీదికి కాల్చింది. 200 మందికి పైగా పడిపోయారని లూకాయే నివేదికలో రాశాడు.

ఇప్పుడు రెడూటబుల్ రెండు బ్రిటిష్ నౌకల మధ్య ఇరుక్కుంది. విక్టరీ ఫిరంగుల వాళ్లకు కొత్త చిక్కు వచ్చింది. పూర్తి మందుతో కాల్చితే గుండు రెడూటబుల్‌ను దాటి అవతలి టెమరెయిర్‌కు తగులుతుంది. అందుకని మందు తగ్గించి, మూడేసి గుండ్లు కూరి, ఫిరంగుల నోళ్లు కిందికి వంచి కాల్చారు. ఫిరంగి నోరు ఎదుటి నౌకను ఆనుకునేంత దగ్గర కాబట్టి ప్రతి ఫిరంగి దగ్గరా ఒకడు నీళ్ల బకెట్టుతో నిలబడి, పేలగానే ఆ చిల్లులోకి నీళ్లు కొట్టేవాడు. శత్రునౌక అంటుకుంటే తమదీ అంటుకుంటుంది.

సినిమాల్లో కెప్టెన్ కేక వేయగానే గొలుసు గుండ్లు, మరో కేకకు గ్రేప్ షాట్ మారుతుంటాయి. నిజానికి ఒకసారి కూరిన గుండును బయటికి తీయడం గొడవతో కూడిన పని, కాల్చేయడమే సులువు. అందుకే మొదటి విడతను మాత్రం ఆలోచించి, తీరిగ్గా నింపేవారు. తర్వాత పొగలో, చెవులు దిబ్బళ్లు పడ్డ చీకట్లో, ఫిరంగి పక్కనే పేర్చి ఉన్న గుండ్రటి గుండే ఎక్కువగా చేతికి వచ్చేది.

రెడూటబుల్‌లో 643 మంది ఉంటే 500కు పైగా చనిపోయారు లేదా గాయపడ్డారు. పోరు ముగిసేసరికి బ్రిటిష్‌వాళ్లు 17 నౌకలు పట్టుకున్నారు. ఆ వెంటనే తుఫాను వచ్చింది. పట్టుబడ్డ నౌకల్లో చాలావాటికి స్తంభాలు లేవు, తెరచాప కట్టే చోటే లేదు. లాగుతున్న మోకులు తెగిపోయి కొన్ని తీరానికి కొట్టుకుపోయాయి, రెడూటబుల్ మునిగిపోయింది, కొన్నిటిని గెలిచినవాళ్లే ముంచేశారు లేదా తగలబెట్టారు. జిబ్రాల్టర్ రేవుకు చేరినవి నాలుగే. విక్టరీని కూడా మరో నౌక లాక్కుంటూ అక్కడికి తీసుకెళ్లాల్సి వచ్చింది.