వెటకారం కలిస్తే లెక్క ఎందుకు తప్పుతుంది?

ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం మీద రేగిన రగడ చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 81 తెచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. అలాంటి విషయం మీద యూట్యూబ్‌లో ఒక వీడియో పెట్టి, కింద వెయ్యి కామెంట్లు పడ్డాయనుకుందాం. జనం అటా, ఇటా అని తేల్చాలి. ఓపిగ్గా కూర్చుని అన్నీ చదివేవాళ్లు దొరకరు కాబట్టి పని కంప్యూటర్‌కి అప్పజెబుతారు. అది కాసేపట్లో ‘60 శాతం సానుకూలం’ అని చేతిలో పెడుతుంది. ఆ అంకె వార్తల్లోకి ఎక్కేస్తుంది. అందులో నిజమెంతో చూడాలంటే కామెంట్ల దగ్గరికే వెళ్లాలి.

కింది మూడూ నేను అల్లినవే. అయితే మనవాళ్ల ధోరణి మాత్రం సరిగ్గా ఇదే. తెలుగు ఉండాలా పోవాలా అన్న తగువు కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే పడతాం మరి!

```
1. super decision sir, Telugu exam kuda English lone pettandi 👏👏
2. Telugu ni kapadali ane peddalu, mee pillalu ye badi lo unnaro cheppandi 😂
3. chala baga chepparu anna
```

మొదటిది చదవగానే మనకు నవ్వొస్తుంది. తెలుగు పరీక్ష కూడా ఇంగ్లీషులోనే పెట్టమనడం పచ్చి వెక్కిరింత. మరి యంత్రం? వేడర్ లాంటి పాత తరం పరికరాల దగ్గర ఇంగ్లీషు మాటల జాబితా ఒకటి ఉంటుంది. ఒక్కో మాటకూ ఇన్ని మార్కులని ముందే వేసి పెట్టుకుంటాయి. ‘సూపర్’ వాటికి తెలుసు, ‘పెట్టండి’ తెలియదు. తెలియని మాటకు సున్నా వేసి ముందుకు పోతాయి. మనవాళ్లేమో పొగడ్తకు సూపర్, గ్రేట్, హ్యాట్సాఫ్ అని ఇంగ్లీషు మాటలు వాడి, ఎత్తిపొడుపంతా తెలుగులో చుడతారు. దాంతో ఆ పరికరానికి పొగడ్త ఒక్కటే వినిపిస్తుంది, పోటు వినిపించదు. పైన రెండు చప్పట్లు కూడా ఉన్నాయి కాబట్టి ఈ కామెంట్ నేరుగా సానుకూలం ఖాతాలో పడుతుంది.

తర్వాత వచ్చిన మోడళ్లు ఇంత అమాయకమైనవి కావు. గూగుల్ వాళ్లు 2020లో విడుదల చేసిన మురిల్‌ను భారతీయ భాషల సొంత లిపుల మీదే కాక, రోమన్ లిపిలోకి మార్చిన పాఠం మీద కూడా తర్ఫీదు చేశారు. అందులో తెలుగూ ఉంది. అయినా చిక్కు తీరలేదు. రోమన్ తెలుగుకు ఒక వరుస లేదు. ‘బాగుంది’ని ఒకరు bagundi అంటారు, ఇంకొకరు baagundhi, మరొకరు bavundi. పోనీ ముందే తెలుగు లిపిలోకి మార్చేసినా, cheppu లాంటి మాటకు అర్థం తేలదు. అది నిజం చెప్పమనే చెప్పా, కాలికి వేసుకునే చెప్పా? ఆ మాటకొస్తే కామెంట్లలో రెండోది కూడా తక్కువేమీ రాదు.

ఇంకో పొరపాటు మనమే చేస్తాం. లెక్కకు ముందు కామెంట్లను ‘శుభ్రం’ చేయడం మామూలు. సాగదీసిన అక్షరాలను కుదిస్తారు, ఎమోజీలూ వరస చుక్కలూ తీసేస్తారు. superrrrr అన్నది super అవుతుంది. వెటకారం ఆనవాళ్లన్నీ ఆ సాగదీతలో, ఆ చుక్కల్లో, చివరి నవ్వు మొహంలోనే ఉంటాయి. వాటిని ఊడ్చేశాక మనిషికి కూడా అర్థం కాని కామెంట్‌ను యంత్రం అర్థం చేసుకోవాలనడం అన్యాయం.

రెండో కామెంట్ సంగతి వేరు. మాటలు చూస్తే తెలుగును కాపాడాలన్నట్టు ఉంటుంది. నిజానికి రాసినాయన ఇంగ్లీషు మీడియం వైపు. కాపాడాలనే పెద్దల పిల్లలు ఏ బడిలో చదువుతున్నారని దెప్పుతున్నాడు. అంటే కామెంట్‌లో ఉన్నది కోపం, కానీ ఆ ఓటు జీవోకు అనుకూలం. కామెంట్ తీపిగా ఉందా చేదుగా ఉందా అన్నది ఒక ప్రశ్న, రాసినవారు ఏ పక్షం అన్నది వేరే ప్రశ్న. ఈ రెండిటినీ కలిపేయడమే ఇలాంటి లెక్కల్లో అన్నిటికన్నా పెద్ద తప్పని నా అభిప్రాయం. మూడో కామెంట్‌లో వెటకారం లేదు, అయినా పక్షం తెలియదు. మెచ్చుకున్నది జీవోను కాదు, వీడియో చేసినాయనను. ఆయన జీవోను తిట్టి ఉంటే ఈ మెచ్చుకోలు వ్యతిరేక ఓటే. వీడియో చూడకుండా కామెంట్లు లెక్కపెట్టేవారికి ఇది ఎన్నటికీ తేలదు.

‘కొన్ని తప్పులు అటు, కొన్ని ఇటు పోతాయి, మొత్తంమీద సర్దుకుంటాయిలే’ అని కొందరంటారు. సర్దుకోవు. వెటకారంలో పొగుడుతున్నట్టు నటించి తిట్టడమే ఎక్కువ, తిడుతున్నట్టు నటించి పొగడడం బాగా తక్కువ. కాబట్టి తప్పులు ఒకే వైపు ఒరుగుతాయి. ఎవరిని ఎక్కువగా వెక్కిరిస్తే వారికే మార్కులు పెరుగుతాయి.

ఎంత ఒరిగిందో కనిపెట్టడానికి చేతిపని తప్పదు. పక్షం మీద తర్ఫీదు ఇచ్చిన మోడల్ మన వెయ్యి కామెంట్లలో 600 అనుకూలం, 400 వ్యతిరేకం అందనుకుందాం. ఒక్కో కుప్పలోంచి గుడ్డిగా వంద చొప్పున తీయాలి. వీడియో చూసిన ఇద్దరు తెలుగువాళ్లు, ఒకరి జవాబు ఒకరికి తెలియకుండా వాటిని చదవాలి. ఎవరి గురించి రాశారు, ఏ పక్షం, వెటకారమా కాదా అన్న మూడూ విడివిడిగా గుర్తుపెట్టాలి. రిప్లై అయితే అది ఏ కామెంట్‌కు జవాబో పక్కనే ఉండాలి, లేకపోతే ‘అవునవును, నిజమే’ అన్నది ఒప్పుకోలో ఎకసెక్కమో తెలియదు. జవాబులు తేడా వచ్చినచోట మాట్లాడుకుని తేల్చాలి.

అలా చూస్తే ‘అనుకూలం’ అన్న వందలో 30 నిజానికి వ్యతిరేకమని, ‘వ్యతిరేకం’ అన్న వందలో 10 మాత్రమే అనుకూలమని తేలిందనుకోండి. అప్పుడు 600లో నిజమైన అనుకూలం 420, ఆ 400లోంచి వచ్చి చేరేది 40. వెరసి 460. యంత్రం 60 శాతం అన్నది 46కు దిగింది. చిత్రమేమిటంటే ఈ యంత్రం వెయ్యింటిలో 780 సరిగ్గానే చెప్పింది. ‘మా మోడల్ 78 శాతం కచ్చితం’ అని గొప్పగా రాసుకోవచ్చు. గెలిచింది ఎవరన్నది మాత్రం తారుమారైంది.

అలాగని వ్యతిరేకులదే పైచేయి అని ప్రకటించడానికీ వీల్లేదు. చదివింది రెండు వందలే కాబట్టి ఆ 46 అటూ ఇటూ ఆరు శాతం కదలొచ్చు, అంటే 40 నుంచి 52 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. ఖాయంగా చెప్పగలిగింది 60 అన్నది నిజం కాదనే. ఇంకా తెలియాలంటే ఇంకో నాలుగు వందలు చదవాలి. అన్నీ చదివినా తెలిసేది కామెంట్ రాసినవారి సంగతే. చూసి ఊరుకున్నవారి మాట అందులో లేదు, ఒకే మనిషి పదిసార్లు రాస్తే పది ఓట్లయి కూర్చుంటాయి.

ఇంత చేశాక కూడా కొన్ని మిగిలిపోతాయి. ఉత్త 🙏 ఒక్కటే పెట్టి వెళ్లిపోయినవాళ్లు ఉంటారు. అది భక్తితో పెట్టిన దండమా, ‘మీకో దండం బాబూ’ అన్న దండమా? చదివిన ఇద్దరూ పడలేకపోతే దాన్ని ఏదో ఒక గంపలోకి నెట్టకూడదు. ‘తేలలేదు’ అని మూడో గంప పెట్టి, అందులో ఎన్ని పడ్డాయో అంకెతో సహా అచ్చువేయాలి. ఆ గంపే లేని సర్వేను నేనైతే రెండో పేరా దాకా చదవను.