‘ర్యాంకు ఎంత?’ అని అడిగితే ఏం చెబుతారు?

టీచరుగా కొత్తగా చేరారా? ఒకటి, రెండు తరగతులు మీవైతే, పేరెంట్స్ మీటింగ్‌లో కొత్త కరికులం గురించి చెప్పాల్సిందీ మీరే. పునాది దశకు 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం, రెండో తరగతి దాకా పిల్లలకు పరీక్షలు తగవని చెప్పింది. మీ స్కూల్లో అది అమలైతే తల్లిదండ్రుల చెవికెక్కేది ఒక్కటే.. ‘పరీక్షల్లేవంట!’ ఆ భయం తీరకపోతే మర్నాడే ట్యూషన్‌లో చేర్పిస్తారు. అక్కడొకలా, ఇక్కడొకలా చెబితే నలిగిపోయేది పిల్లలే.

మాట మార్చండి
‘అభ్యసన ఫలితాలు’ అనొద్దు. ‘ఈ నెలాఖరుకి మీ పాప ఏం చేయగలగాలి’ అనండి. ‘నిరంతర మూల్యాంకనం’ బదులు ‘రోజూ గమనించి రాసుకుంటాం’ అంటే చాలు.

ఒక్క లెక్క చేయించండి
బోర్డు మీద 32 - 15 రాయండి. చాలామంది పిల్లలు 23 అంటారు. రెండులోంచి అయిదు పోదు కాబట్టి అయిదులోంచి రెండు తీసేస్తారు. పరీక్షలో అయితే దీనికి సున్నా. తప్పు ఎక్కడ జరిగిందో ఆ సున్నా చెప్పదు.

ఇప్పుడు తల్లిదండ్రుల చేతికి పుల్లలివ్వండి. పదేసి పుల్లల కట్టలు మూడు, విడిగా రెండు. పదిహేను తీయమనండి. వాళ్లే ఒక కట్ట విప్పుతారు. విడి పుల్లలు పన్నెండవుతాయి. అందులోంచి అయిదు, మిగిలిన రెండు కట్టల్లోంచి ఒకటి తీస్తే 17 మిగులుతాయి. ‘మనం చిన్నప్పుడు పక్కింటి నుంచి అప్పు తెచ్చుకున్నాం కదా, ఆ అప్పు ఇదే’ అని చెప్పండి. ఇంకేం వివరించక్కర్లేదు.

ఈ ప్రశ్నలు తప్పవు
‘పరీక్ష లేకపోతే మావాడు ఎలా ఉన్నాడో ఎలా తెలుస్తుందండీ?’ పేర్లు తీసేసిన గమనిక ఒకటి చూపించండి: ‘కట్ట విప్పుతున్నాడు. కాగితం మీద ఇంకా పెద్ద అంకెలోంచి చిన్నది తీస్తున్నాడు. వచ్చే వారం పుల్లలు, అంకెలు పక్కపక్కన.’ మార్కు కన్నా ఇందులో ఎక్కువ తెలుస్తుంది.

‘ఎక్కాలు నేర్పరా?’ నేర్పుతారు. ముందు గుంపులుగా లెక్కపెట్టించి, ఆ తర్వాత నోటికి.

‘పై తరగతుల్లో పరీక్షలంటే బెదిరిపోడా?’ మూడో తరగతి నుంచి రాత పరీక్షలు మెల్లగా మొదలవుతాయని ఉన్నదున్నట్టు చెప్పండి. ‘మావాడికి ర్యాంకు?’ అంటే ఆ పిల్లాడి గమనిక తీసి, పక్కకు పిలిచి చూపించండి. అందరి ముందూ వద్దు.

అర్థమైందా?
‘అర్థమైందా?’ అంటే అందరూ తలూపుతారు. దానికి బదులు ‘ఇంటికెళ్లాక నానమ్మకి ఏం చెబుతారు?’ అని ఇద్దరు ముగ్గుర్ని అడగండి. ‘ఇక్కడ ఆటలేనంట’ అని వస్తే పుల్లలు మళ్లీ తీయండి. ‘కట్ట విప్పి తీసివేత నేర్పుతారంట’ అని వస్తే ఆ రోజు మీటింగ్ పని పూర్తయినట్టే.