మూడు వందల మాటల్లో మొత్తం ఉద్యోగ జీవితం

హార్వర్డ్ బిజినెస్ స్కూల్ 2024లో తన దరఖాస్తు వ్యాసాన్ని మార్చింది. అంతకుముందు 900 మాటల దాకా రాయగల ఒకే వ్యాసం ఉండేది. దాని స్థానంలో మూడు చిన్న వ్యాసాలు వచ్చాయి. మొదటిది ఉద్యోగ ప్రస్థానం గురించి: ఇంతవరకు ఎదురైన అనుభవాలు మీ ఉద్యోగ నిర్ణయాలను, ఆశయాలను ఎలా మలిచాయో 300 మాటలు దాటకుండా చెప్పాలి. కొలంబియా బిజినెస్ స్కూల్ దరఖాస్తులోనైతే ఎంబీఏ అయిన వెంటనే చేయదలచిన పనిని 50 అక్షరాల్లో తేల్చేయమన్నారు. మాటల్లో కాదు, అక్షరాల్లో!

ఇంత ఇరుకులో చాలామంది చేసే పొరపాటు ఒకటే. రెజ్యూమెను వాక్యాలుగా మార్చి రాస్తారు. ఏ కాలేజీ, ఏ కంపెనీ, ఎప్పుడు ప్రమోషన్ అన్నవి దరఖాస్తుతో పాటు పంపే రెజ్యూమెలో ఎలాగూ ఉంటాయి. పనితనం గురించి సిఫార్సు లేఖలు చెబుతాయి. ఆ రెండింటిలోనూ దొరకనిది ఒక్కటే: ఒక ఉద్యోగం వదిలి ఇంకోటి ఎందుకు పట్టుకున్నారన్నది. వ్యాసంలో మాటలు ఖర్చుపెట్టాల్సింది ఆ మలుపుల దగ్గరే.

ఒక అభ్యర్థిని ఊహించుకుందాం. మెకానికల్ ఇంజనీరింగ్ చదివిన అమ్మాయి. భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో శీతలీకరణ యంత్రాల నిర్వహణలో రెండేళ్లు చేసింది. తర్వాత విశాఖలో శీతల కంటైనర్ల రవాణా చూసే సంస్థకు మారి మూడేళ్లుగా అక్కడే ఉంది. ఆమె మొదటి చిత్తుప్రతిలో చదువుకు 80 మాటలు, రెండు ఉద్యోగాల బాధ్యతలకు 170 పోయాయి. ఆశయానికి మిగిలింది 50. అందులో రాసింది, ‘సప్లై చైన్ రంగంలో నాయకురాలిగా ఎదిగి మార్పు తేవాలనుకుంటున్నాను’ అని. సిమెంటు రవాణా చూసేవాళ్లూ అక్షరం మార్చకుండా ఇదే వాక్యం రాసుకోవచ్చు. కింద ఎవరి పేరైనా పెట్టగలిగితే ఆ వాక్యం పనికిరాదన్నమాట.

మరి ఆమె భీమవరం ఎందుకు వదిలింది? అడిగితే చెప్పే కథ ఇది. ఒక రాత్రి చెరువుల నుంచి వచ్చిన లారీలో ఐసు దాదాపు కరిగిపోయింది. రొయ్యల తలలు నల్లబడుతున్నాయి. ప్లాంటులో ఆమె యంత్రాలు సరుకును మైనస్ 18 డిగ్రీల దగ్గర సక్రమంగానే నిలుపుతున్నాయి. కానీ అసలు నష్టం సరుకు గేటు లోపలికి రాకముందే జరిగిపోయింది. కౌంటు బాగున్నా రైతు చేతికి తక్కువ ధరే వచ్చింది. చెడేది దారిలోనని అర్థమయ్యాక ఆమె రవాణా వైపు మళ్లింది.

మొదటి ప్రతిలో ఈ రాత్రి ఊసే లేదు! ఇంట్లోవాళ్లకు పూసగుచ్చినట్టు చెప్పేది, కాగితం మీదికి వచ్చేసరికి ‘కొత్త సవాళ్ల కోసం మారాను’ అయిపోయింది.

తిరగరాసిన ప్రతిలో చదువు ఒక్క ఉపవాక్యానికి తగ్గింది. ఆ రాత్రికీ, దాని వెంట తీసుకున్న నిర్ణయానికీ 110 మాటలు ఇచ్చింది. విశాఖ పనికి 70. ఇక్కడ ఇంకో మార్పు కూడా చేసింది. ‘మేము దారిలో పాడయ్యే సరుకును తగ్గించాం’ అని రాసినచోట, ‘ప్రతి కంటైనరు ఉష్ణోగ్రతను గంటగంటకూ నమోదు చేసే పద్ధతి నేను ప్రతిపాదించాను, డ్రైవర్లను ఒప్పించాను’ అని రాసింది. అందరం కలిసి చేశామనడం మన దగ్గర మర్యాదే. కానీ అందులో ఆమె పాలు ఎంతో చదివేవాళ్లకు తెలిసే దారి లేదు.

మిగతా 120 మాటలు ఆశయానివి. తక్షణ లక్ష్యానికి ఒక హోదా పేరు ఉండాలి, ఆ హోదాకు మనుషుల్ని తీసుకునే కంపెనీలూ ఉండాలి. ఆమె రాసుకున్నది శీతల రవాణా సంస్థలో ఆపరేషన్స్ మేనేజర్ పని. దీర్ఘకాల లక్ష్యం గోదావరి జిల్లాల్లో చెరువుల దగ్గరే ఐసు, శీతల సేకరణ కేంద్రాలు నడపడం. ఈ రెండో లక్ష్యం పెద్దదే. అయినా ఆ రాత్రి లారీ నుంచి నేరుగా పుట్టింది కాబట్టి గాలిలో మేడలా అనిపించదు.

ఎంబీఏ ఎందుకన్న ప్రశ్నకు జవాబు కూడా అక్కడే దొరికింది. యంత్రాలు ఆమెకు తెలుసు. సేకరణ కేంద్రం ఖర్చును రైతు, ప్లాంటు ఎలా పంచుకుంటే ఇద్దరికీ గిట్టుబాటవుతుందో లెక్కగట్టడం తెలియదు. తనకు రానిదేమిటో ఇలా పేరుపెట్టి చెప్పినప్పుడు ఫైనాన్స్ పాఠాల ప్రస్తావన కాలేజీని పొగడటంలా కాకుండా అవసరంలా వినిపిస్తుంది.

ఇంతా చేస్తే ఆమె ప్రతి 312 మాటలకు తేలింది. పన్నెండు తీసేయాలి. విశాఖలో తన హోదా పేరు, అందులో చేరిన సంవత్సరం, రెజ్యూమెలో ఉన్న ఒక అవార్డు ప్రస్తావన కొట్టేసింది. లారీలో కరిగిన ఐసు జోలికి మాత్రం వెళ్లలేదు.